ఫొటో చెప్పేసిందే క్యాప్షన్ కూడా చెబితే నవ్వెలా వస్తుంది?

ప్రశ్న: ఏడాది నుంచి మీమ్స్ చేస్తున్నాను. వేరేవాళ్ళు వాడిన ఫొటోనే నేనూ వాడతాను. క్యాప్షన్‌లో తప్పేమీ కనిపించదు. అయినా నాది చూసి ఎవరూ నవ్వరు. అసలు ఫొటోకీ క్యాప్షన్‌కీ మధ్య నవ్వు ఎక్కడ పుడుతుంది?

మీ క్యాప్షన్ బహుశా ఫొటోలో కనిపిస్తున్నదాన్నే ఇంకోసారి చెబుతోంది. కొత్తగా చేసేవాళ్ళలో నేను ఎక్కువగా చూసే తప్పు ఇదే. తెలిసిన ఫొటో కనబడగానే చూసేవాడి మనసు ఒక చోటికి వెళ్ళి కూర్చుంటుంది. క్యాప్షన్ వాణ్ణి అక్కణ్ణుంచి లేపి, వాడు అనుకోని ఇంకో చోటికి తీసుకుపోవాలి. అయితే ఆ రెండు చోట్లకీ ఒక్క పోలిక ఉండి తీరాలి. ఆ పోలిక ఏమిటో మీరు చెప్పకూడదు, వాడే పట్టుకోవాలి. పట్టుకున్న క్షణంలోనే నవ్వొస్తుంది. ముందే మీరు చెప్పేస్తే వాడికి చేయడానికి పనేమీ మిగలదు.

నేను ఏడేళ్ళుగా ఒక తెలుగు మీమ్ పేజీ నడుపుతున్నాను, మధ్యలో కొన్నాళ్ళు డబ్బు తీసుకుని కంపెనీలకి కూడా రాశాను. ఇదంతా సిద్ధాంతంగా చెబితే తలకెక్కదు కాబట్టి ఒక్క ఫొటో తీసుకుని, దానికి నేను రాసి కొట్టేసిన క్యాప్షన్లతో సహా చెబుతాను.

తెల్ల గడ్డం పెద్దాయన ఒకాయన ల్యాప్‌టాప్ ముందు కాఫీ కప్పు పట్టుకుని మన వైపు చూసి నవ్వే ఫొటో మీరు చూసే ఉంటారు. నెట్‌లో అందరూ హెరాల్డ్ అంటారు. అసలు పేరు ఆండ్రాష్ అరాటో, హంగేరీకి చెందిన రిటైర్డ్ ఎలక్ట్రికల్ ఇంజనీర్. స్టాక్ ఫొటోల కోసం మోడల్‌గా నిలబడ్డారు. స్టాక్ ఫొటో అంటే ఆస్పత్రి బ్రోచర్‌కో బ్యాంకు ప్రకటనకో ఎవరైనా కొనుక్కుని వాడుకోవడానికి తీసిపెట్టే బొమ్మ. అందులో మనిషి సంతోషంగా కనిపించాలి, అంతకుమించి ఏ కథా ఉండకూడదు. అరాటో గారి పెదాలు ఆ పని సరిగ్గానే చేశాయి. కళ్ళు మాత్రం చేయలేదు. ఆ ఫొటోలో ఆయన నోటి మీద చెయ్యి అడ్డం పెట్టి చూడండి, ఎవరో దగ్గరివాళ్ళని పోగొట్టుకున్న మనిషిలా ఉంటారు. ఆయన కళ్ళ మీద చెయ్యి అడ్డం పెట్టి చూడండి, మనవడి పుట్టినరోజుకి వచ్చిన తాతయ్యలా ఉంటారు. అంటే క్యాప్షన్ పెట్టకముందే ఆ ముఖంలో ఒక పొసగనితనం ఉంది. అందుకే అన్నేళ్ళు బతికింది.

ఇప్పుడు దీనికి నేను మొదట రాసుకున్న క్యాప్షన్: "లోపల ఏడుస్తూ బయటికి నవ్వుతున్నప్పుడు."

చదవడానికి బాగానే ఉంది కదా? తప్పేమీ లేదు. కానీ అది ముఖం చెప్పేసిన మాటే. చూసేవాడు ఫొటో చూసిన అర సెకనులోనే ఆ సంగతి తెలుసుకున్నాడు. తర్వాత క్యాప్షన్ చదివి, "అవును, నాకు తెలుసు" అనుకుని కిందికి జరిపేశాడు.

రెండోది: "ఫ్రెండ్స్‌తో హోటల్‌కి వెళ్ళినప్పుడు బిల్లు ఎక్కువ వస్తే నా ముఖం." ఇది కొంచెం నయం, ముఖం నుంచి హోటల్‌కి కదిలాం. కానీ బిల్లు ఎక్కువొస్తే ఎవరికైనా బాధే, అందులో అనుకోనిది ఏమీ లేదు. పైగా చివర "నా ముఖం" అని వేలు పెట్టి చూపించాను. ముఖం పక్కనే ఉంది, చూపించాల్సిన అవసరమేంటి? "నా రియాక్షన్", "అప్పుడు నేను" లాంటివి కూడా ఇంతే. వీటిని కొట్టేయడం అలవాటైతే సగం క్యాప్షన్లు వాటంతటవే బాగుపడతాయి.

మూడోది: "నేను పెరుగన్నం తిన్నాను. బిల్లు అందరం సమానంగా పంచుకుందాం అన్నారు." ఇక్కడ అసలు విషయం దొరికింది. బాధ బిల్లు గురించి కాదు. నలుగురిలో నోరు తెరిచి "నేను తిన్నది తక్కువ" అనలేకపోవడం గురించి. ఆ మర్యాద నవ్వు, ఆ కళ్ళు, రెండూ ఇప్పుడు అవసరమయ్యాయి. మీద నవ్వు టేబుల్ దగ్గరున్న వాళ్ళ కోసం, కళ్ళు పర్సు కోసం. పోలిక కుదిరింది, దాన్ని నేను ఎక్కడా చెప్పలేదు.

చివరికి పెట్టింది:

"బిల్లు అందరం సమానంగా పంచుకుందాం అన్నారు.
నేను తిన్నది పెరుగన్నం."

మూడోదానికీ దీనికీ సమాచారంలో తేడా ఏమీ లేదు. మారింది వరస. మూడోదాంట్లో పెరుగన్నం ముందే వచ్చేసింది, అప్పటికి అదెందుకు ముఖ్యమో చదివేవాడికి తెలియదు, కాబట్టి ఊరికే జారిపోయింది. నాలుగోదాంట్లో మొదటి వాక్యం చాలా మామూలు మాట, ఎవరూ కాదనలేని మాట. అక్కడ కూర్చోబెట్టి, చివరి పదంతో లేపాం.

ఆశ్చర్యపెట్టే పదం వాక్యంలో చివరిది కావాలి. దీని గురించి కొంచెం ఎక్కువ మాట్లాడాలి, ఎందుకంటే ఇక్కడ తెలుగు మనకి ఒక చిక్కు పెడుతుంది. మన వాక్యం క్రియతో ముగుస్తుంది. "నేను పెరుగన్నం తిన్నాను" అంటే దెబ్బ కొట్టే పదం మధ్యలో పడి, చివర్లో "తిన్నాను" అనే చప్పటి మాట మిగులుతుంది. నవ్వాల్సిన చోటు దాటిపోయాక కూడా వాక్యం ఇంకా నడుస్తూనే ఉంటుంది. అయితే దారి కూడా తెలుగులోనే ఉంది: "నేను తిన్నది పెరుగన్నం." "తిన్నది", "వచ్చింది", "అడిగింది" అని క్రియని ముందుకి తెచ్చేస్తే పేరు చివరికి వస్తుంది. మన ఇళ్ళలో కబుర్లు బాగా చెప్పే మేనత్తలూ బాబాయిలూ ఈ పని తెలియకుండానే చేస్తారు. "లోపల్నుంచి ఎవరొచ్చారనుకున్నావ్? వాళ్ళ మావగారు!" అంటారు కానీ "వాళ్ళ మావగారు లోపల్నుంచి వచ్చారు" అనరు. ఇంగ్లీషు మీమ్స్‌ని తెలుగులోకి మార్చేవాళ్ళు ఎక్కువగా ఇక్కడే దెబ్బతింటారు. అక్కడ చివర ఉన్న పదం తెలుగులోకి రాగానే మధ్యలోకి జారుతుంది, వాళ్ళు గమనించరు.

ఇక పెరుగన్నమే ఎందుకు, ఇడ్లీ ఎందుకు కాదు? నేను ఇడ్లీ కూడా పెట్టి చూశాను. ఇడ్లీ టిఫిన్, పది మంది బిర్యానీ తినే చోట ఒకడు ఇడ్లీ తిన్నాడంటే వాడెందుకలా తిన్నాడన్న ఇంకో ప్రశ్న పుడుతుంది. పెరుగన్నం అలా కాదు. కడుపు బాగోలేనివాడు తింటాడు, డబ్బు చూసుకునేవాడు తింటాడు, మంగళవారమో శనివారమో నీచు తిననివాడు తింటాడు. ఏదో ఒక కారణం చదివేవాడే వేసుకుంటాడు, మనల్ని అడగడు. క్యాప్షన్‌లో వస్తువు అంత ఖచ్చితంగా ఉండాలి, కానీ సంజాయిషీ అడిగేలా ఉండకూడదు.

పైన చెప్పిన రెండు మెట్లు, అంటే ముందు పొసగకపోవడం, ఆ వెంటనే ఏదో ఒక లెక్కలో పొసగడం, నేను కనిపెట్టినవి కావు. 1972లో జెర్రీ సల్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త జోకుల గురించి ఇదే చెప్పాడు. నాకు ఇందులో పనికొచ్చింది రెండో మెట్టు. చాలామంది మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతారు. ఫొటోకి సంబంధం లేని మాట ఏదో ఒకటి పెడితే చాలు, విచిత్రంగా ఉంటుంది, నవ్వుతారు అనుకుంటారు. హెరాల్డ్ ఫొటో మీద "మా పెరట్లో ఏనుగు" అని రాస్తే అనుకోనిదే, కానీ పొసగడానికి దారి లేదు. చదివేవాడు రెండు సెకన్లు వెతికి, దొరక్క, చిరాకు పడతాడు. మీ పోస్టు కింద "అర్థం కాలేదు బ్రో" అని ఎవరైనా రాస్తే మీరు ఇక్కడ తప్పినట్టు. ఎవరూ ఏమీ రాయకపోతే మొదటి తప్పు, అంటే ఫొటోనే మళ్ళీ చెప్పినట్టు.

పోస్ట్ చేసే ముందు నేను రెండు పరీక్షలు పెడతాను. ఫొటో ఒక్కటే ఇంట్లోవాళ్ళకి చూపించి, "ఈ మనిషికి ఏమైంది?" అని అడుగుతాను. ముగ్గురిని అడిగితే ముగ్గురూ ఇంచుమించు ఒకే మాట చెప్పాలి. తలా ఒకటి చెబితే ఆ ఫొటో టెంప్లేట్‌గా పనికిరాదు. చూసేవాడు ఏ చోట కూర్చున్నాడో మనకే తెలియనప్పుడు ఎక్కణ్ణుంచి లేపుతాం? తర్వాత ఫొటో మూసేసి క్యాప్షన్ ఒక్కటే చదువుతాను. అది ఒక్కటే పూర్తిగా నవ్వు తెప్పించేస్తే, అది వాట్సాప్ జోకు. ఫొటో దానికి అలంకారం మాత్రమే, తీసేసి మాటలే పెట్టుకోవచ్చు. "నేను తిన్నది పెరుగన్నం" అన్నది ఫొటో లేకుండా చదివితే ఒక చిన్న ఫిర్యాదులా ఉంటుంది, నవ్వు కొంచెమే. ముఖం పక్కన పెట్టాకే పండుతుంది. అలా ఉండాలి.

ఇప్పటిదాకా చెప్పింది ఫొటో ముందు, దెబ్బ క్యాప్షన్‌లో ఉండే రకం. దీనికి తిరగేసిన రకం ఒకటుంది, కొన్ని ఫొటోలకి అదే నప్పుతుంది. తగలబడుతున్న ఇంటి ముందు నిలబడి ఒక చిన్నపిల్ల కెమెరా వైపు ఓరగా చూసి నవ్వే ఫొటో గుర్తుందా? 2005లో అమెరికాలో నార్త్ కరొలైనా రాష్ట్రంలోని మెబేన్ అనే ఊళ్ళో తీసింది. ఆ పాప పేరు జోయీ రాత్, అప్పటికి నాలుగేళ్ళు, తీసింది వాళ్ళ నాన్న. ఆ ఇంటిని అగ్నిమాపక సిబ్బందే కావాలని తగలబెట్టారు, చుట్టుపక్కలవాళ్ళు చూడటానికి వచ్చారు. ప్రమాదమూ లేదు, నేరమూ లేదు. కానీ చట్రంలో రెండే ఉన్నాయి: ముందు ఆ నవ్వు, వెనక మంట. రెండు పక్కపక్కన పెడితే మన బుర్ర ఊరుకోదు, ఒకటి రెండోదానికి కారణం అని తేల్చేస్తుంది.

ఈ ఫొటోలో నేరం ముందే జరిగిపోయింది. కాబట్టి క్యాప్షన్ దెబ్బ కొట్టకూడదు, అమాయకంగా ఉండాలి. "ఇల్లు తగలబెట్టేశా" అని రాస్తే మళ్ళీ మొదటి తప్పే. నేను రాసింది ఇది: "'స్టవ్ కట్టేశావు కదమ్మా?' అని అమ్మ బస్సెక్కాక అడిగింది." ఇక్కడ క్యాప్షన్ ప్రశ్న, ఫొటో జవాబు. కాబట్టి క్యాప్షన్ ఫొటోకి పైన ఉండాలి. కింద పెడితే జవాబు ముందు, ప్రశ్న తర్వాత వస్తుంది, పేలవంగా ఉంటుంది. నిజమే, పైన పెట్టినా కన్ను ముందు ముఖం మీదకే పోతుంది. అయినా చదవడం అయ్యాక చూపు మళ్ళీ ఫొటో మీదకి దిగుతుంది చూశారూ, ఆ రెండో చూపు కోసమే ఈ ఏర్పాటంతా. క్యాప్షన్ ఎక్కడ పెట్టాలన్నది అందం విషయం కాదు, దెబ్బ ఎందులో ఉందన్న విషయం.

తెలిసిన ఫొటో అన్నాం కాబట్టి, ఎవరికి తెలిసింది అన్నది కూడా చూసుకోవాలి. హెరాల్డ్‌నీ ఆ పాపనీ ఎప్పుడూ చూడనివాడికి కూడా ముఖం అర్థమవుతుంది. సినిమా స్టిల్ అలా కాదు. మన మీమ్స్‌లో సగం బ్రహ్మానందం గారి ముఖాలే. ఆయన ముఖం దానంతటదే చాలా చెబుతుంది, అది ఒక లాభం. రెండో లాభం, సీను తెలిసినవాడికి ఆ ముఖం చూడగానే ఆ సీన్లో ముందు ఏం జరిగిందో, తర్వాత ఆయనకి ఏ గతి పట్టబోతోందో కూడా గుర్తొస్తుంది. గొంతు కూడా చెవిలో వినబడుతుంది. అంటే క్యాప్షన్‌లో మీరు రాయని రెండు నిమిషాల కథ ఫొటోతో పాటు ఉచితంగా వచ్చింది. అందుకే ఆయన స్టిల్ మీద నాలుగు మాటలు చాలు. కానీ ఆ కథ తెలియనివాడికి మీ మీమ్ సగమే. డాలస్‌లో పుట్టి పెరిగిన మా అక్క కొడుక్కి నేను గర్వంగా పంపిన మీమ్ ఒకటుంది. "మావయ్యా, ఈ అంకుల్ ఎందుకు అలా చూస్తున్నారు?" అని అడిగాడు. సీను మొత్తం చెప్పాను. వాడు మర్యాదగా నవ్వాడు, హెరాల్డ్ లాగే.

డబ్బుకి రాసిన రోజుల్లో ఒక కోచింగ్ సెంటర్‌కి చేసినది కూడా చెప్పాలి. పెరుగన్నం పద్ధతిలోనే రిజల్ట్స్ రోజు మీద ఒకటి రాసిచ్చాను, వాళ్ళకీ నచ్చింది. పోస్ట్ చేసేటప్పుడు మాత్రం చివరి పదం తర్వాత "అందుకే చేరండి" అని ఒక లైను, దాని కింద ఫోన్ నంబరు, మూలన లోగో పెట్టారు. ఒక్కరు కూడా షేర్ చేయలేదు. లోగో వల్ల కాదు, మూలన లోగో ఎవరూ పట్టించుకోరు. నవ్వు రావాల్సిన ఆఖరి పదం ఇక ఆఖరిది కాకుండా పోయింది. పైగా "అందుకే" అన్న మాట పోలికని విప్పి చేతిలో పెట్టేసింది.

అక్షరాల సంగతి కూడా ఒక మాట. ఇంగ్లీషు మీమ్స్‌లో తెల్ల అక్షరం, చుట్టూ నల్ల గీత ఉంటాయి, ఇంపాక్ట్ అనే ఫాంటు. 1965లో వచ్చిన ఆ ఫాంటు లావుగా, ఇరుకుగా ఉండి ఏ ఫొటో మీదైనా కనబడుతుంది. అదే గీత తెలుగు అక్షరానికి గీస్తే గుడులు, సున్నలు పూడుకుపోతాయి, వత్తులు పై లైనుకీ కింది లైనుకీ తగులుకుంటాయి. వాట్సాప్‌లో రెండు చేతులు మారేసరికి "పెరుగన్నం"లో గన్నం మిగలదు. నేను ఫొటో పైన తెల్ల పట్టీ వేసి, దాని మీద నల్ల అక్షరాలు పెడతాను. లావు కావాలంటే రామభద్ర ఫాంటు, మామూలుగా అయితే మండలి ఫాంటు. చదవడానికి ఒక్క క్షణం తడుముకున్నా దెబ్బ పోతుంది కాబట్టి ఇది చిన్న విషయం కాదు.

ఇదే ఇబ్బంది పేర్లు అంటించే మీమ్స్‌లో ఇంకా ఎక్కువ. ప్రియురాలి చెయ్యి పట్టుకుని నడుస్తూ, పక్కనుంచి పోయే ఇంకో అమ్మాయిని వెనక్కి తిరిగి చూసే కుర్రాడి ఫొటో తెలుసు కదా, 2015లో స్పెయిన్‌లోని జిరోనాలో ఆంటోనియో గిల్లెమ్ తీసిన స్టాక్ ఫొటో, మీమ్‌గా ఊరేగింది 2017లో. అక్కడ మూడు ముఖాల మీద మూడు మాటలు పడతాయి, వాక్యం ఫొటోయే. కుర్రాడి మీద "నేను", చెయ్యి పట్టుకున్న అమ్మాయి మీద "రేపటి పరీక్ష", పోతున్న అమ్మాయి మీద "ఫ్రిజ్ ఎలా పనిచేస్తుంది". మూడో మాట "సినిమా" అని పెట్టి చూడండి, చప్పగా ఉంటుంది. పరీక్ష ముందు రోజు సినిమా మీదకి మనసు పోవడం మామూలే. జీవితంలో ఎప్పుడూ పట్టించుకోని ఫ్రిజ్ మీద రాత్రి రెండింటికి ప్రేమ పుట్టడమే విడ్డూరం, అది మనందరికీ జరిగిందే కాబట్టి వెంటనే పొసుగుతుంది. ఒక్కో ముఖానికి మూడు మాటలు దాటనివ్వకండి.

చివరగా, అరిగిపోయిన ఫొటోల సంగతి. ఫొటో బాగా తెలిసిపోయే కొద్దీ చూసేవాడు క్యాప్షన్ చదవకముందే ఎక్కడికి పోతామో ఊహించేస్తాడు. హెరాల్డ్ కనబడగానే "ఏదో బాధ దాచుకుంటున్నాడు" అని సిద్ధమైపోతాడు, మీరు ఎంత మంచి బాధ రాసినా అనుకున్నదే అవుతుంది. అప్పుడు ఆ ఫొటోని పారేయొచ్చు, లేదా ఆ అలవాటు మీదే ఆడుకోవచ్చు. పోయినేడు నేను హెరాల్డ్ ఫొటో మీద పెట్టిన క్యాప్షన్ ఇంతే: "బిల్లు ఎవరిది వాళ్ళే కట్టుకున్నాం. హాయిగా ఉంది." పెరుగన్నం మీమ్ కంటే ఎక్కువ మంది నవ్వారు. కింద ఒకాయన మాత్రం, "ఏమైందన్నా, నిజం చెప్పు" అని రాశాడు.